ప్లేటుకు రంగు తెలియదు

కృష్ణా జిల్లాలో ఒక హైస్కూలు పూర్వవిద్యార్థుల సంఘానికి లెటర్‌హెడ్ కావలసి వచ్చింది. వచ్చే ఏడు స్వర్ణోత్సవం. చందాల కోసం ఉత్తరాలు రాయాలి, అధికారులకు అర్జీలు పెట్టాలి. హైదరాబాద్‌లో ఉన్న ఒక పాత విద్యార్థి డిజైన్ చేసి పంపాడు. ఎడమవైపు బంతిపువ్వు రంగులో దీపం గుర్తు, పక్కన అదే రంగులో పెద్ద అక్షరాలతో బడి పేరు, దాని కింద సన్నటి నారింజ గీత, గీత కింద నల్లటి చిన్న అక్షరాల్లో చిరునామా. ఆ కాగితం చేత పట్టుకుని సంఘం కార్యదర్శి, రిటైరైన తెలుగు మాస్టారు, విజయవాడలో తనకు తెలిసిన ప్రెస్సుకు వెళ్లారు.

"వెయ్యి కొట్టాలయ్యా. మల్టీ కలర్ అయితే బాగుంటుందని మావాడు అన్నాడు. ఎంతవుతుంది?"

ప్రెస్సాయన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "మాస్టారూ, ఇందులో మల్టీ ఎక్కడుందండీ? ఉన్నవి రెండు రంగులే కదా!"

మన ఊళ్లలో లెటర్‌హెడ్ వేయించుకునేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. తెరమీద రంగు కనిపించిందంటే మల్టీ కలర్ అనుకుంటారు. అచ్చు యంత్రం దగ్గర రంగు అనే మాటకు అర్థం వేరు. అక్కడ ఒక రంగంటే ఒక ప్లేటు, ఒక డబ్బా ఇంకు, యంత్రం గుండా కాగితం ఒకసారి వెళ్లి రావడం. ధర తేలేది ఆ లెక్కమీదే.

మల్టీ కలర్ అని మనం పిలిచేదాన్ని అచ్చు పుస్తకాలు ప్రాసెస్ కలర్ అంటాయి. అందులో వాడే ఇంకులు నాలుగే: సియాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ ఛాయ, పసుపు, నలుపు. పెళ్లి ఫొటో అయినా, సినిమా పోస్టర్ అయినా, ఈ పత్రిక ముఖచిత్రమైనా ఆ నాలుగింటితోనే తయారవుతుంది. నాలుగు ఇంకులు వేల రంగులు ఎలా అవుతాయంటే, చుక్కలవల్ల. ఒక్కో ఇంకునూ సన్నటి చుక్కలుగా పక్కపక్కన, ఒకదానిమీద ఒకటి వేస్తారు. దూరం నుంచి చూసే కన్ను ఆ చుక్కల్ని కలిపేసుకుని కొత్త రంగుగా చదువుకుంటుంది. నారింజ కావాలంటే పసుపును నిండుగా పరిచి, దానిమీద మెజెంటాను సుమారు అరవై శాతం చుక్కలుగా వేస్తారు.

స్పాట్ కలర్‌లో ఈ కనికట్టు ఉండదు. నారింజ కావాలా, డబ్బాలో నారింజ ఇంకే పోస్తారు. చుక్కలు లేకుండా, గోడకు సున్నం వేసినట్టు నిండుగా పడుతుంది. ట్రెడిల్ మిషన్ల కాలంలో శుభలేఖలు ఎర్రగానో ఆకుపచ్చగానో వచ్చేవంటే ఈ పద్ధతిలోనే. అప్పట్లో దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టాల్సిన అవసరం రాలేదు.

మాస్టారికి నమ్మకం కుదరలేదు. ప్రెస్సాయన సొరుగులోంచి చిన్న భూతద్దం తీశాడు. బల్లమీద రెండు పాత లెటర్‌హెడ్‌లు పడేశాడు. రెండింటిమీదా నారింజ అక్షరాలే. ఒకటి మల్టీ కలర్‌లో వేసినది, రెండోది స్పాట్ కలర్‌లో వేసినది. మామూలుగా చూస్తే మొదటిది కాస్త మాసినట్టు కనిపిస్తుంది, అంతకుమించి తేడా తెలియదు. భూతద్దం కింద మాత్రం మొదటిదాని అక్షరాల అంచులు రంపం పళ్లలా ఉన్నాయి. పసుపు నేలమీద గులాబీ చుక్కలు వరుసలు కట్టి నిలబడ్డాయి. 'క్ష' కింద వంపు తిరిగిన సన్నటి తోక దగ్గర అక్షరం సగం తెగినట్టే ఉంది. రెండోదాంట్లో అదే తోక కలంతో గీసినట్టు నునుపుగా, తెగకుండా వచ్చింది.

కారణం కొలతల్లో ఉంది. మంచి మల్టీ కలర్ పనిలో మిల్లీమీటరుకు ఆరేడు వరుసల చుక్కలు పడతాయి. చిన్న సైజు తెలుగు అక్షరంలో ఒత్తు తోక మందం మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటే గొప్ప. అంటే ఆ తోక వెడల్పులో పట్టేది ఒక్క చుక్క. పడితే పడింది, లేకపోతే అక్కడ మిగిలేది పసుపే. గుడితాలూ, కొమ్ములూ, ఒత్తులూ ఉన్న మన లిపికి ఈ బాధ ఎక్కువ. పైగా నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అక్షరం వెంట గులాబీ నీడ తేలుతుంది. స్పాట్ కలర్‌లో నారింజ అక్షరం మొత్తం ఒకే ప్లేటుమీద ఉంటుంది గనక దానికి జరగడానికి తోడు ఎవరూ లేరు.

ఇక మాసినట్టు కనిపించడం సంగతి. ప్రాసెస్ ఇంకులకు అన్ని రంగులూ లొంగవు. నిగనిగలాడే నారింజ, చిలకపచ్చ, చిక్కటి ఊదా వాటికి అందవు. ఎంత సర్దినా కాస్త చప్పబడతాయి. లెటర్‌హెడ్‌కు వాడే బాండ్ కాగితం మెరుపు పూత లేనిది. ఇంకును పీల్చుకుంటుంది, చుక్కలు కాస్త పాకుతాయి. అందుకే పత్రిక అట్టమీద బంతిపువ్వులా మెరిసిన రంగు, బాండ్ కాగితం మీదికి వచ్చేసరికి వాడిపోయిన బంతిపువ్వవుతుంది.

అసలు డబ్బు మాటకు వద్దాం. ధరలు ఊరికీ ఊరికీ, ప్రెస్సుకూ ప్రెస్సుకూ మారతాయి కాబట్టి లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం: ప్లేటుకు 250 రూపాయలు, ఒక రంగును వెయ్యి కాగితాలమీద కొట్టడానికి 350, ఇంకు మార్చినప్పుడు రోలర్లు కడిగే చార్జీ 150. చిన్న ప్రెస్సుల్లో ఉండేది ఒక్కసారికి ఒక్క రంగు వేసే మినీ ఆఫ్‌సెట్. అందులో రోజంతా నల్ల ఇంకు ఉంటుంది, అందుచేత నలుపుకు కడిగే చార్జీ వేయరు. నారింజ, నలుపు కలిపి రెండు ప్లేట్లకు 500, రెండుసార్లు కొట్టడానికి 700, ఒక కడుగుడుకు 150. వెరసి 1350. అదే డిజైన్‌ను అదే యంత్రంమీద నాలుగు రంగుల్లో వేస్తే ప్లేట్లకు 1000, కొట్టడానికి 1400, మూడు కడుగుళ్లకు 450. వెరసి 2850. కాగితం ఖర్చు రెండింటికీ దాదాపు ఒకటే. వంద జీఎస్ఎం బాండ్‌లో ఏ4 కాగితం ఆరుంపావు గ్రాములు తూగుతుంది, వెయ్యి కాగితాలంటే ఆరుంపావు కిలోలు. కాకపోతే యంత్రంలోకి నాలుగుసార్లు వెళ్లే కాగితం నాలుగుసార్లూ కొంత పాడవుతుంది, ఆ తరుగుకు మరికొంత వేసుకోవాలి.

ఈ లెక్కలో ఇంకు ధర రాలేదేమిటని మాస్టారు అడిగారు. గణితం కాకపోయినా ఆయనా మాస్టారే.

రాకపోవడానికి కారణం ఉంది. దీపం గుర్తు, బడి పేరు, గీత కలిపి కాగితంమీద నారింజ పడే చోటు ఇరవై చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. వెయ్యి కాగితాలకు కలిపితే రెండు చదరపు మీటర్లు. ఆఫ్‌సెట్ ఇంకు పొర ఎంత పలచనంటే, అంత మేరకు నాలుగైదు గ్రాములు సరిపోతుంది. కానీ నాలుగు గ్రాములతో యంత్రం నడవదు. ఇంకు తొట్టిలో కొంత ఉండాలి, రోలర్లన్నిటికీ పట్టాలి. పని అయ్యాక అదంతా గుడ్డలతో, కడిగే ద్రావకంతో తుడిచి పారేయాలి. నలుపు తర్వాత లేత రంగు ఎక్కించాలంటే ఒకసారి కడిగితే చాలదు, రోలర్ల సందుల్లో మిగిలిన నలుపు నారింజను మురికి చేస్తుంది. కాబట్టి కొనేవాడు డబ్బు కట్టేది ఇంకుకు కాదు, ఆ కడుగుడుకు.

తెలిసినవాళ్లు ప్రెస్సులో ముందుగా అడిగే ప్రశ్న దీన్నుంచే పుట్టింది: "ఈ వారం మిషన్‌మీద ఏ రంగు ఎక్కుతోంది?" ఎవరిదో కరపత్రానికి నారింజ ఎక్కించే రోజునే మీ పనీ పెట్టుకుంటే కడుగుడు చార్జీ తగ్గుతుంది, కొన్ని చోట్ల పూర్తిగా ఎగిరిపోతుంది. రెండు రోజులు ఆగగలిగినవాళ్లకే ఈ లాభం. రేపటికల్లా కావాలనేవాళ్లకు ఇది దొరకదు.

నారింజ అని నోటితో చెబితే ఒక్కొక్కరి మనసులో ఒక్కో పండు మెదులుతుంది. ఈ గొడవ తీర్చడానికే అమెరికాలో లారెన్స్ హెర్బర్ట్ 1963లో పాంటోన్ పద్ధతి తెచ్చాడు. రంగురంగుల చీలికలతో విసనకర్రలా విచ్చుకునే పుస్తకం అది. ప్రతి రంగుకూ ఒక నంబరు, దాన్ని ఏ మూల ఇంకుల్ని ఏ పాళ్లలో కలిపి చేయాలో ఒక సూత్రం. మాస్టారి దీపానికి సరిపోయిన రంగు ఆ పుస్తకంలో ఆరెంజ్ 021. కలిపి వచ్చే రంగు కాదిది, తానే ఒక మూల ఇంకు. అందుచేత తూకం వేసి కలిపే పని లేదు, డబ్బా మూత తీస్తే చాలు. రంగు ఎంచుకునే దశలోనే కాస్త సర్దుకుని ఇలాంటి మూల ఇంకుకో, ప్రెస్సులో ఎప్పుడూ ఉండే ఎరుపుకో నీలానికో దగ్గరగా జరిగితే ఆమేరకు శ్రమ, ఖర్చు తప్పుతాయి.

పుస్తకం చూసేటప్పుడు ఒక జాగ్రత్త. నంబరు చివర 'సీ' ఉంటే పూత ఉన్న కాగితంమీద అచ్చు, 'యూ' ఉంటే పూత లేని కాగితంమీద అచ్చు. ఇంకు అదే, కాగితం వేరు కాబట్టి రంగు వేరుగా కనిపిస్తుంది. లెటర్‌హెడ్‌కు చూడాల్సింది 'యూ' పేజీ. తెరమీద మెరిసేదాన్ని గానీ, 'సీ' పేజీని గానీ చూసి ఒప్పుకుని, తీరా బాండ్ కాగితంమీద వచ్చాక ప్రెస్సాయనతో పేచీ పెట్టుకోవడం మామూలుగా జరిగేదే. మాస్టారి విషయంలో ప్రెస్సాయన పుస్తకంతో ఆగలేదు. వేలికొసన కాస్త ఇంకు తీసుకుని, అచ్చు వేయబోయే బాండ్ కాగితంమీదే తట్టితట్టి, రోలరు పరిచినంత పలచగా అద్ది చూపించాడు. "ఇదీ మాస్టారూ, వచ్చేది. ఇంతకన్నా మెరవదు, ఇంతకన్నా మాయదు." ఇదొక్కటీ కళ్లతో చూసి ఒప్పుకుంటే చాలు.

తర్వాతి చిక్కు ఫైలులో వచ్చింది. హైదరాబాద్ కుర్రాడు పంపిన ఫైలు తెరిచి విడివిడి ప్లేట్లు చూస్తే రెండు రావాల్సిన చోట ఆరు కనిపించాయి. దీపం రంగుకు `PANTONE Orange 021 C` అనీ, బడి పేరుకు `PANTONE Orange 021 U` అనీ వేర్వేరు పేర్లు పెట్టాడు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటరుకు రెండు రంగులు, రెండు ప్లేట్లు. చిరునామాను వర్డ్‌లోంచి అతికించాడు. అక్కడి నలుపు తెర నలుపు, అచ్చు నలుపు కాదు. అది నాలుగు ప్రాసెస్ ప్లేట్లలోకీ పంచుకుపోయింది. రెండూ నాలుగూ ఆరు.

చూసుకోకుండా ప్లేట్లకు పంపితే ఆరింటికీ బిల్లు పడుతుంది. లేదా రెండు తీసుకుని మిగతావి పారేస్తే, నాలుగింటి మధ్య పంచిన చిరునామా నల్ల ప్లేటుమీద వెలిసిపోయిన బూడిద రంగులో తేలుతుంది. ఇది పట్టుకోవడం కష్టమేమీ కాదు. పీడీఎఫ్‌ను అక్రోబాట్ ప్రోలో తెరిచి `Output Preview` చూస్తే ప్లేట్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కో పేరు ముందున్న టిక్కు తీసేస్తే ఆ ప్లేటుమీద ఉన్నది మాయమవుతుంది. నారింజ టిక్కు తీస్తే దీపం, పేరు, గీత మూడూ పోవాలి. నలుపు టిక్కు తీస్తే చిరునామా మొత్తం పోవాలి. రెండూ తీశాక తెల్ల కాగితం మిగలాలి. ఏదైనా మిగిలిందంటే అది మరో ప్లేటుమీద దాక్కుందన్నమాట.

పాతకాలపు డీటీపీ ఆపరేటర్లకు ఇంతకన్నా తేలికైన దారి తెలుసు. ప్లేటుకు రంగు తెలియదు. ఇక్కడ ఇంకు పట్టాలి, ఇక్కడ పట్టకూడదు అన్నది ఒక్కటే దానికి తెలుసు. కాబట్టి నారింజ అని తెరమీద నారింజలో పెట్టాల్సిన పని లేదు. మొదటి పేజీలో నారింజలో రావాల్సినవి, రెండో పేజీలో నలుపులో రావాల్సినవి పెట్టి, రెండు పేజీల్నీ నిండు నలుపులోనే ఇస్తారు. మొదటి ప్లేటుకు నారింజ పోస్తే నారింజ, ఆకుపచ్చ పోస్తే ఆకుపచ్చ. చూడటానికి నాటుగా ఉంటుంది గానీ, స్పాట్ కలర్ తెలియని సాఫ్ట్‌వేర్‌తో పనిచేసేవాళ్లకు ఇంతకన్నా భద్రమైన పద్ధతి లేదు. వేరే కాగితంమీద ఏ పేజీకి ఏ రంగో పెన్నుతో రాసివ్వడం మాత్రం మరచిపోకూడదు.

డిజైన్‌లోనూ ఒక చిన్న సర్దుబాటు జరిగింది. కుర్రాడు దీపం చుట్టూ సన్నటి నల్ల అంచు గీశాడు. ఒకే రంగు యంత్రంలో కాగితం రెండుసార్లు వెళ్తుంది. మొదటిసారి తగిలిన తడికి కాస్త సాగుతుంది, రెండోసారి పట్టులో కాస్త జరుగుతుంది. నారింజ, నలుపు ఒకదానినొకటి ఆనుకుని ఉంటే ఆ కాస్తకే మధ్యలో తెల్లటి సందు బయటపడుతుంది. నల్ల అంచు తీసేసి, రెండు రంగుల మధ్య మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదిలారు. ఇప్పుడు అర మిల్లీమీటరు జరిగినా ఎవరికీ కనపడదు, మిషన్ దగ్గరి కుర్రాడు గంటసేపు సరిచూసుకుంటూ కూర్చోనక్కర లేదు. రెండు రంగులు తాకక తప్పని డిజైన్ అయితే ముందు లేత రంగు పరిచి, దానిమీదే నలుపు కొట్టించాలి. లేత రంగులో అక్షరాల ఆకారంలో ఖాళీ వదిలి ఆ ఖాళీలో నలుపు ఇరికించాలని చూస్తే కష్టాలు కొనితెచ్చుకున్నట్టే.

మూడో రంగు కూడా కావాలన్న కోరిక మాస్టారికి ఉంది. కాగితం మధ్యలో నీడలా దీపం పడితే బాగుంటుందని. దానికి ప్లేటు అక్కర్లేదు. అదే నారింజ ప్లేటుమీద దీపాన్ని పది శాతం చుక్కలుగా పెడితే పీచు మిఠాయిలాంటి లేత ఛాయ వస్తుంది. అక్కడ చుక్కలు తప్పవు గానీ, పెద్ద బొమ్మ కాబట్టి ఫరవాలేదు. సన్నటి గీతలూ అక్షరాలూ మాత్రం ఆ లేత ఛాయలో పెట్టకూడదు. చిరునామా, ఫోన్ నంబరు నలుపులోనే ఉండాలన్న పట్టుదలకూ కారణం ఉంది. అర్జీలు ఏ ఆఫీసుకు వెళ్లినా జిరాక్స్ తీయిస్తారు, నారింజలో ఉన్న చిన్న అంకెలు ఆ నకలులో మసకబారతాయి.

అన్నివేళలా స్పాట్ కలరే చౌక అనడం కూడా సరికాదు. పెద్ద ఊళ్లలో కొన్ని ప్రెస్సులు నలుగురైదుగురి లెటర్‌హెడ్‌లు ఒకే పెద్ద షీటుమీద సర్ది, నాలుగు రంగుల యంత్రంలో ఒక్కసారే కొట్టేస్తాయి. ప్లేట్ల ఖర్చు అందరిమీదా పంచుకుపోతుంది కాబట్టి అక్కడ మల్టీ కలరే తక్కువకు రావచ్చు. కాగితం ఎంపిక మీ చేతిలో ఉండదు, మీ నారింజ పక్కవాడి ఫొటోకు సరిచేసిన ఇంకు మందాన్ని బట్టి నడుస్తుంది. రంగుమీద అంత పట్టింపు లేనివాళ్లు అటు వెళ్లడంలో తప్పులేదు. గుర్తులో ఫొటో ఉన్నా, ఒక రంగులోంచి మరో రంగులోకి జారే ఛాయలున్నా ప్రాసెస్ కలర్ తప్పదు. వంద, రెండు వందల కాగితాలే కావాలంటే ప్లేట్ల గొడవే లేని డిజిటల్ ప్రింటు నయం. కాకపోతే దాని పొడి ఇంకు వేడికి అతుక్కున్నది. అదే కాగితాన్ని మళ్లీ ఆఫీసు లేజర్ ప్రింటర్‌లో పెడితే ఆ వేడికి పాత అచ్చు కాస్త కరిగి అంటే ప్రమాదం ఉంది.

ఆ మాటకొస్తే ఆఫ్‌సెట్ లెటర్‌హెడ్‌కూ లేజర్ ప్రింటర్ పరీక్షే. లోపల కాగితం రెండు వందల డిగ్రీల దగ్గరి వేడిని దాటుతుంది. లేజర్‌లో వాడతామని ముందే చెబితే ప్రెస్సువాళ్లు దానికి తగిన ఇంకు చూస్తారు. అచ్చయిన మర్నాడే కట్ట విప్పి ప్రింటర్‌లో పెట్టకుండా కొన్ని రోజులు ఆరనివ్వాలి. మాస్టారు కట్టలు తీసుకునేటప్పుడు పైకాగితం చూసి సంతృప్తి పడలేదు. కట్ట మధ్యలోంచి ఒకటి లాగి వెనక్కి తిప్పి చూశారు. ఆరకముందే ఒకదానిమీద ఒకటి పేరిస్తే పై కాగితం వెనకవైపు నారింజ మరక అంటుతుంది. ఏమీ అంటలేదు. నారింజ మొదటి కాగితంలోనూ, మధ్య కాగితంలోనూ ఒకే ముదురులో ఉంది.

ఆయన తీసుకెళ్లింది వెయ్యే, కానీ ప్రెస్సులో మరో రెండు వేలు మిగిలి ఉన్నాయి. ఇది ప్రెస్సాయన చెప్పిన కిటుకు. సంఘంలో అధ్యక్ష కార్యదర్శుల పేర్లు ఏటా మారతాయి, దీపమూ బడి పేరూ మారవు. నారింజను ఒకేసారి మూడు వేల కాగితాలమీద కొట్టి, పేర్లున్న నలుపును ఈ ఏటి అవసరానికి వెయ్యిమీదే కొట్టారు. పైన అనుకున్న ధరల్లోనే చూస్తే నారింజకు ప్లేటు, కడుగుడు, మూడు వేల ముద్రణ కలిపి 1450. ఏటా నలుపుకు 600 చొప్పున మూడేళ్లకు 1800. మొత్తం 3250. ఏటా రెండు రంగులూ కొత్తగా వేయిస్తే 4050 అయ్యేది. కాగితం డబ్బు ముందే పెట్టాలన్నదొక్కటే ఇబ్బంది. మాస్టారు కాసేపు ఆలోచించి, ఆ రెండు వేల కాగితాలకూ చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టించి, బడి ఆఫీసు బీరువాలో పై అరకు పంపించారు. కింది అరలో చెదలు ఉన్నాయట.